మా మొదటి పెళ్లిరోజు – ఆయనకు రాసుకున్న నాలుగు మాటలు

ఎల్లుండి మా పెళ్లిరోజు. మొదటిది.

మా ఆడపడుచు నాలుగు రోజుల నుంచీ ఒకటే గోల. "వదినా, స్టేటస్‌లో ఏం పెడుతున్నావ్? అన్నయ్య గురించి బాగా రాయి" అని. సరేనని ఫోన్‌లో వెతికాను. వందల కొద్దీ ఉన్నాయండీ రెడీమేడ్ శుభాకాంక్షలు. నా జీవితంలోకి వెలుగులా వచ్చావు, నీతో ప్రతి రోజూ పండగే, ఇలాంటివి. కాపీ కొట్టి పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ ఈ ఏడాది మా ఇంట్లో పదకొండు రోజులు కరెంటే లేదు. ఆ వెలుగు మాట దగ్గర నాకు నవ్వొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను.

అప్పుడనిపించింది, స్టేటస్ సంగతి తర్వాత, ముందు ఆయనకే ఒక ఉత్తరం రాద్దామని. నిన్నా ఇవాళా మధ్యాహ్నాలు కూర్చుని పాత లెడ్జరు పుస్తకంలో రాశాను. చాలావరకు మీకూ చూపిస్తున్నాను. కొత్తగా పెళ్లయినవాళ్లకి కొంచెం ధైర్యంగా ఉంటుందని కొంత, నా కడుపులో ఉన్నది నాలుగు మాటలు బయటపడితే బాగుంటుందని కొంత.

ఇంకో సంగతి. నలుగురిలో నేను ఆయన్ని మీరు అనే అంటాను, అత్తమ్మ ముందయితే మరీనూ. ఉత్తరంలో మాత్రం నువ్వు అని ఉంటుంది. ఆ నువ్వు ఎక్కడి నుంచి వచ్చిందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

*

ఏమండీ అని మొదలుపెట్టి కొట్టేశాను. నువ్వే.

పోయిన ఫిబ్రవరిలో, 2022 మాఘమాసంలో, ఖమ్మంలో మన పెళ్లయినప్పుడు నీ గురించి నాకు తెలిసినవి మూడే విషయాలు. సారపాకలో మిల్లు ఉద్యోగం, షిఫ్టు డ్యూటీ. బూర్గంపాడు వైపు సొంత ఇల్లు. తక్కువ మాట్లాడతాడు. మూడోది చెప్పింది మీ మేనత్త. "బంగారం లాంటి పిల్లాడమ్మా, నోట్లో నాలుక లేదు" అంది. మా అమ్మ ఆ మాటకే పడిపోయింది. నోట్లో నాలుక లేని మొగుడితో రోజంతా ఒకే ఇంట్లో ఉండటం ఎట్లా ఉంటుందో మా అమ్మకేం తెలుసు? మా నాన్న నిద్రలో కూడా మాట్లాడతాడు.

మొదటి నెలంతా నాకు నువ్వు కాదు, నీ నిద్రే పెద్ద చిక్కు. ఏ షిఫ్టు వారం బాగానే ఉండేది, మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇంటికి వచ్చేవాడివి. బి షిఫ్టయితే రాత్రి పదకొండు వరకూ అన్నం పెట్టుకుని కూర్చునేదాన్ని. సి షిఫ్టు వారం వస్తే మాత్రం ఇల్లు ఇల్లంతా దొంగల్లా తిరిగేవాళ్లం. నువ్వు పొద్దున ఆరున్నరకి వచ్చి, ఇంత తిని ఏడింటికి పడుకుంటే, వంట మొదలయ్యేదీ అప్పుడే. కుక్కర్ విజిల్ వేస్తే నువ్వు ఉలిక్కిపడి లేచేవాడివి. ఏమీ అనేవాడివి కాదు. అటు తిరిగి దిండు చెవి మీద పెట్టుకునేవాడివి. నాకు తిట్టినా బాగుండు అనిపించేది.

అత్తమ్మ నేర్పింది. కందిపప్పు రాత్రే నానబెట్టుకుంటే పొద్దున మామూలు గిన్నెలోనే, మూత వారగా పెడితే, చప్పుడు లేకుండా మెత్తగా ఉడుకుతుంది. పచ్చడికి మిక్సీ వద్దు, పెరట్లో రోలు ఉంది. నేను ఖమ్మంలో గ్రైండర్ మీటతో పెరిగినదాన్ని. ఆ రోలు దగ్గర మొదటి వారం నా అరచెయ్యి పొక్కింది. నువ్వు చూశావు. మర్నాడు సి షిఫ్టు నుంచి వస్తూ దోసెడు తునికి పండ్లు ఆకులో చుట్టి తెచ్చి, పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్లి పడుకున్నావు. సంతకు వస్తున్న కోయ అవ్వల దగ్గర దారిలో కొన్నావట. నేను మల్లెపూలు తెచ్చే మొగుడు కావాలనుకున్నాను నిజంగా. అప్పటిదాకా తునికి పండు తిన్నది లేదు. ఒకటి పచ్చిది తగిలి నోరంతా వగరు, రెండోది సపోటా కన్నా తియ్యన. ఆ ఆకు చాలా రోజులు దాచుకున్నాను, చెప్పలేదు నీకు.

డబ్బుల సంగతి తొందరగా రాసి దాటేస్తాను, ఎందుకంటే రాస్తుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతోంది. జీతం తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టడం నీకు అలవాటు. తప్పు కాదు, మామయ్య పోయిన దగ్గర్నుంచి ఇంటిని నడిపింది ఆవిడ. కానీ నెలనెలా ఆడదానికి ఉండే ఖర్చు కోసం కూడా ఆవిడ దగ్గరికి వెళ్లి, రెండొందలు ఇవ్వరా అని అడిగి, ఎందుకమ్మా అంటే చెప్పుకోవాల్సి రావడం... మూడు నెలలు అడిగాను. నాలుగో నెల మా అమ్మని అడిగాను. నీకు ఆ సంగతి తెలిసిన రోజు నువ్వేం మాట్లాడలేదు కానీ ఆ సాయంత్రమే నా పేరు మీద బ్యాంకు ఖాతాకి ఫారం తెచ్చావు. అత్తమ్మకి నువ్వే చెప్పుకున్నావు. ఏం చెప్పావో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ నన్నెప్పుడూ ఆ విషయం దెప్పలేదు.

శ్రీరామనవమికి భద్రాచలం తీసుకెళ్లావు గుర్తుందా? కరోనా వల్ల రెండేళ్లు జనం లేకుండా జరిపిన కల్యాణానికి ఆ ఏడే మళ్లీ అందరినీ రానిచ్చారు. మిథిలా స్టేడియంలో ఎండకి మాడిపోయాం. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చెప్పింది, ఇక్కడ సీతమ్మ మెడలో మూడు సూత్రాలు కడతారమ్మా అని. దశరథుడి తరఫున ఒకటి, జనకుడి తరఫున ఒకటి, రామదాసు చేయించింది ఒకటి. నేను నీ చెవిలో, "మనకి రెండే కదా, మూడోది ఎవరిది పెట్టుకుందాం?" అని అడిగాను సరదాకి. నువ్వు చాలాసేపు ఆలోచించి, "మిల్లుది" అన్నావు. ఆ రోజు తెలిసింది నీకు నోట్లో నాలుక ఉందని. కాకపోతే రెండు నెలలకి ఒకసారి బయటికి వస్తుంది.

ఇక అసలు సంగతి.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడదని నన్ను ఖమ్మం పంపించారు. జూన్ ఆఖర్లో బస్సెక్కించి, "నెల రోజులే" అన్నావు. పది రోజులు బాగానే గడిచింది. రెండో వారం నుంచి వాన. టీవీలో కింద అక్షరాలు పరిగెత్తడం మొదలైంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక. తర్వాత 48, రెండోది. 53, మూడోది. నాకు ఆ అంకెలు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఖమ్మం జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. 1986లో 75.6 అడుగులు వచ్చిందని మా నాన్న ప్రతి వానాకాలం చెబుతాడు. కానీ టీవీలో చూసే అంకె వేరు, ఆ అంకె మన ఇంటి మెట్ల దగ్గరికి రావడం వేరు.

రోజూ ఫోన్ చేశాను. నువ్వు రోజూ ఒకటే మాట. "ఇక్కడంతా బాగానే ఉంది. నీళ్లు రోడ్డు దగ్గరే ఉన్నాయి. నువ్వు అన్నం తిన్నావా?"

జులై 16న 71.3 అడుగులు అన్నారు. అంతకు ముందు రోజు రాత్రి మా చుట్టాలబ్బాయి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. ఎవరో పడవలోంచి తీసింది. నీళ్ల మధ్యలో ఒక వేపచెట్టు కొమ్మలు, దాని పక్కన నీలం రంగు కిటికీ రెక్క, సగానికి నీళ్లు. ఆ నీలం రంగు మనది. పెళ్లికి ముందు నువ్వే వేశావు, ఒక రెక్క మీద రంగు కారి గీతలా ఎండిపోయింది. ఆ గీత కూడా కనబడింది నాకు.

నీకు ఫోన్ చేశాను. నువ్వెత్తి మళ్లీ అదే మొదలుపెట్టావు, "ఇక్కడంతా బాగా..."

అప్పుడు వచ్చింది నా నోట్లోంచి. "నువ్వు నాతో అబద్ధం ఆడుతున్నావా?"

పెళ్లయ్యాక మొదటిసారి నువ్వు అన్నాను. అమ్మా నాన్నా ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. నువ్వు అవతల చప్పుడు లేదు. వెనకాల జనం మాటలు, పిల్లల ఏడుపులు. అప్పుడు చెప్పావు, రెండు రోజుల నుంచీ అత్తమ్మా నువ్వూ బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలో ఉన్నారని. గోదావరి పొంగితే కిన్నెరసాని నీళ్లు కలవడానికి చోటు లేక వెనక్కి తన్నుకొస్తాయట, మన ఊరిని ముంచేది ఆ ఎగపోటేనట. ఫోన్ ట్రాక్టర్ బ్యాటరీకి పెట్టి చార్జింగ్ చేస్తున్నావట. "ఎందుకు చెప్పలేదు" అంటే, "చెబితే నువ్వేం చేస్తావ్, అక్కడ కూర్చుని భయపడతావు, అంతేగా" అన్నావు.

నువ్వు మంచికే అన్నావు. నాకు తెలుసు. కానీ ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు ఇవాళ చెబుతున్నాను. ఇల్లు మునిగినందుకు ఏడవలేదు నేను ఆ రాత్రి. మన ఇల్లు మునిగిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలియాల్సి వచ్చినందుకు ఏడ్చాను. చుట్టాలకి చెప్పరు కష్టం వస్తే, దిగులు పడతారని. ఇన్ని నెలలు నీ ఇంట్లో రోలు రుబ్బి కూడా నేను చుట్టాన్నే అన్నమాట అనుకున్నాను.

నీళ్లు తీశాక నేను వస్తానన్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు, ఆషాఢం ఇంకా ఉంది కదా అని. మీ అమ్మ ఏమంటుందో అని భయం. మా నాన్నే అన్నాడు, "గడపే నీళ్లలో ఉంది, ఏ గడప దాటకూడదు ఇప్పుడు?" అని. ఇద్దరం కొత్తగూడెం, పాల్వంచ మీదుగా బయల్దేరాం. నీకు ఫోన్ చేయలేదు. నువ్వు నాకు చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పలేదు, అంత పంతంగా వచ్చాను.

వచ్చేసరికి నువ్వు లుంగీ ఎగ్గట్టి హాల్లో పారతో ఒండ్రు ఎత్తుతున్నావు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, మోకాళ్ల దాకా బురద. నన్ను చూసి ఏమంటుందా అని నేను వాకిట్లోనే ఆగిపోయాను. ఆవిడ నా వంక చూసి, "వచ్చావా? ఈ ఏడు ఆ గడప గోదారే దాటిపోయింది, ఇంక మనం దాటితే ఏమయిందిలే, ఆ చీపురందుకో" అంది. అత్తమ్మ ఈ ఉత్తరం చదవదు. చదివినా ఈ ఒక్క ముక్క చదివితే చాలు నాకు. ఆ మాటతో నేను ఈ ఇంటికి కోడల్నయ్యాను. పెళ్లిలో కాదు.

ఆ పని మూడు రోజులు. ఒండ్రు తడిగా ఉన్నప్పుడే ఎత్తెయ్యాలని, ఎండితే పెంకులా గట్టిపడి గచ్చుకి పట్టేస్తుందని మీరిద్దరూ తొందరపడ్డారు. జానెడు మందం ఉంది. పారతో ఎత్తి, గోడలు పైనుంచి కిందికి కడిగి, తర్వాత నేల కడిగి, బ్లీచింగ్ చల్లి, మళ్లీ కడిగాం. బియ్యం రెండు బస్తాలు ఉబ్బి పుల్లటి వాసన, పెంటకుప్పకే పోయాయి. బీరువా తలుపు తుప్పుకి బిగిసిపోతే నువ్వు గడ్డపలుగుతో తెరిచావు. నా పట్టుచీరలు నాలుగు. వాటిని చన్నీళ్లలోనే జాడించి నీడన ఆరేశాం. మూడింటికి జరీ నల్లబడింది. పెళ్లి చీర మాత్రం పైఅరలో ఉండి బతికింది.

ఆల్బం బతకలేదు. పేజీలన్నీ ఒక ఇటుకలా అతుక్కున్నాయి. అత్తమ్మ ఎండలో పెట్టబోయింది. మా నాన్న స్టూడియో ఆయనకి ఫోన్ చేస్తే, ఎండబెట్టొద్దు, ఎండితే ఇక విడిపోవు, శుభ్రమైన నీళ్లలో నానబెట్టి నెమ్మదిగా విడదీయమన్నాడు. రాత్రి నువ్వూ నేనూ టబ్బు ముందు కూర్చుని, కొవ్వొత్తి వెలుగులో ఒక్కొక్క పేజీ విడదీశాం. చాలావాటి మీద రంగు జారిపోయింది. జీలకర్ర బెల్లం ఫోటోలో నీ మొహం చక్కగా ఉంది, నా మొహం ఉన్నచోట ఒక తెల్లటి మచ్చ. "పెన్‌డ్రైవ్ ఉంది కదా, మళ్లీ తీయిద్దాం" అన్నావు. వద్దన్నాను. అదే ఉంచుదామన్నాను. అప్పుడు నువ్వు ఆ మచ్చ వంక చూస్తూ అన్నావు, "చెప్పకపోవడం తప్పే. నువ్వు వస్తానంటావని భయపడ్డా. వస్తే నిన్నెక్కడ పెట్టాలో నాకు తెలీలేదు."

అంత పెద్ద వాక్యం నువ్వు అప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

"ఇంకోసారి నువ్వు అనొచ్చా?" అని అడిగాను. "అమ్మ లేనప్పుడు" అన్నావు.

నవ్వుకోవాల్సిన సంగతి కూడా ఒకటుంది. మన గది తలుపు. నీళ్లు తాగి ఉబ్బిపోయి, చట్రంలో పట్టకుండా జానెడు తెరుచుకునే ఉండిపోయింది. వడ్రంగి వచ్చి చూసి, "ఇప్పుడు చిత్రిక పట్టొద్దు. ఇప్పుడు చెక్కేస్తే ఎండాక కుదించుకుపోయి సందు పడుద్ది. ఆరనివ్వండి, దసరా దాకా ఓపిక పట్టండి" అన్నాడు. దసరా దాకా! కొత్తగా పెళ్లయినవాళ్ల గది తలుపు, హాల్లో అత్తమ్మ మంచం. నువ్వు సిగ్గుతో వడ్రంగి మొహం చూడలేకపోయావు. ఆ రెండు నెలలు మనం గుసగుసలుగా మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే మనం మాట్లాడుకోవడం నేర్చుకుంది ఆ గుసగుసల్లోనే అనిపిస్తుంది. గట్టిగా అరవడానికి వీల్లేదు, అలిగి ధడాలున తలుపు వేయడానికీ వీల్లేదు. వేస్తే పడదు కదా.

నా తప్పులు కూడా రాయాలి. లేకపోతే నువ్వు చదివి లోపల నవ్వుకుంటావు.

ఒకటి, మా అమ్మ. మనం ఏ చిన్న మాట అనుకున్నా అరగంటలో మా అమ్మకి తెలిసిపోయేది. నేనే చెప్పేదాన్ని. నేను కోపం తగ్గి నీకు టీ పెడుతుంటే, అవతల మా అమ్మ కోపం పెరిగి నీకు ఫోన్ చేసేది. "మా పిల్లని ఎందుకట్లా అన్నావు బాబూ" అని. నువ్వు "లేదత్తయ్యా" అని మాత్రం అని ఫోన్ నాకిచ్చి బయటికి వెళ్లిపోయేవాడివి. మూడోసారి జరిగినప్పుడు అన్నావు, "మనం రాజీ పడ్డ సంగతి కూడా చెప్పు ఆవిడకి" అని. నాకు చెంప మీద కొట్టినట్టయింది. అవును, పోట్లాట చెప్పేదాన్ని, రాజీ చెప్పేదాన్ని కాదు. పాపం మా అమ్మ దృష్టిలో నువ్వు నాలుగు నెలల పాటు ఒక్కసారి కూడా నన్ను బతిమాలని మనిషివి. ఇప్పుడు అమ్మతో కూరల గురించి మాట్లాడుతున్నాను. కష్టంగానే ఉంది.

రెండోది ఇంకా పెద్దది. నాకు అన్నీ చెప్పమన్నది నేనే కదా. అక్టోబరులో ఒకరోజు బి షిఫ్టు నుంచి వచ్చి, అన్నం తినకుండా కూర్చుని, ఇంటి మరమ్మతుకి తెలిసినవాళ్ల దగ్గర అరవై వేలు అప్పు తెచ్చానని చెప్పావు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నేను ఏం చేశాను? అరిచాను. నన్నడక్కుండా ఎట్లా తెస్తావన్నాను, నెలకు పన్నెండొందలు వడ్డీకే పోతుందన్నాను, మా నాన్న అయితే ఇట్లా చేసేవాడు కాదన్నాను. నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయావు. తర్వాత ఐదు రోజులు మళ్లీ పాత నువ్వే. అన్నం తిన్నావా, తలుపు వేశావా, అంతే.

ఆ ఐదు రోజుల్లో నాకు ఎక్కిన సంగతి ఇది. చెప్పు చెప్పు అని వెంటపడటం తేలిక. చెప్పినప్పుడు ఎదుటి మనిషి లేచిపోకుండా వినడం నాకు రాదు. నువ్వు పన్నెండేళ్ల పిల్లాడివి అయినప్పటి నుంచీ, మామయ్య పోయాక, ఏ చెడు కబురూ ఎవరికీ చెప్పకుండా మోసుకుంటూ వచ్చినవాడివి. మొదటిసారి తెచ్చి నా ముందు పెడితే నేను తన్నేశాను. ఆరో రోజు నా గొలుసు తీసి నీ ముందు పెట్టాను. నువ్వు తీసుకోలేదు. తీసుకోవని తెలిసే పెట్టానేమో, అది కూడా ఒప్పుకుంటున్నాను. చివరికి కాగితం మీద లెక్క వేసుకుని నెలకి ఐదు వేల చొప్పున అసలు తీర్చాలనుకున్నాం. వడ్డీ కాక. నవంబరు నుంచి మొదలుపెడితే ఇవాళ్టికి నాలుగు నెలలు కట్టాం, ఇంకా నలభై వేలు ఉంది. ఆ కాగితం బీరువా తలుపుకి లోపలి వైపు అంటించి ఉంది. ప్రతి నెలా నేనే కొట్టేస్తున్నాను.

డిసెంబరులో కిన్నెరసాని డ్యాంకి వెళ్లాం, అది మన మొదటి షికారు అనుకోవచ్చు. జింకల పార్కు దగ్గర కూర్చున్నప్పుడు నీకు నేను కిన్నెరసాని కథ చెప్పాను. విశ్వనాథ సత్యనారాయణగారు కిన్నెరసాని పాటల్లో రాసిన కథ. అత్త పెట్టిన బాధకి తాళలేక కోడలు అడవిలోకి పరిగెత్తి వాగయిపోతుంది, ఆమె కోసం ఏడ్చి ఏడ్చి మొగుడు రాయి అయిపోతాడు. ఆ వాగే వచ్చి మన ఊరి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నువ్వు పుట్టి పెరిగింది ఆ వాగు పక్కనే, నీకు కథ తెలీదు. అంతా విని చాలాసేపు నీళ్ల వంక చూశావు. తర్వాత, "ఆ రాయి అయ్యేదేదో ముందే నోరు తెరిచి ఒక మాట అంటే సరిపోయేది కదా వాడు" అన్నావు.

నేనేమీ అనలేదు. పల్లీలు తిన్నాను. కానీ ఆ రోజు బండి మీద తిరిగొచ్చేటప్పుడు పాల్వంచ దాటేదాకా నీ వీపు మీద తల ఆనించుకునే ఉన్నాను. చలికి అనుకున్నావేమో.

ఇంకా కుదరనివి ఉన్నాయి. ఉండనీ. సి షిఫ్టు రాత్రుళ్లు నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు, అత్తమ్మ పక్కన పడుకుంటాను, ఆవిడ గురక. నువ్వు తడి తువ్వాలు మంచం మీద వేయడం మానలేదు. నేను ఖమ్మం వెళ్లినప్పుడల్లా మా ఇంటికి వెళ్తున్నా అంటాను, నువ్వు ఆ మాట విన్నప్పుడల్లా నీ కనుబొమ్మ ఒకటి కదులుతుంది. నోరు తిరగడం లేదు, టైం పడుతుంది. మళ్లీ వానాకాలం వస్తుందంటే నాకు ఇప్పటి నుంచే భయం. ఈసారి ఆషాఢం ఉండదు నాకు, ఇక్కడే ఉంటాను. నీళ్లు మెట్టెక్కితే ఇద్దరం కలిసి ఆల్బం పైఅరలో పెడదాం. అప్పుడు నువ్వు అంతా బాగానే ఉంది అన్నావనుకో, పార నా చేతిలో ఉంటుంది.

మన తలుపు దసరాకి కాదు, దీపావళి తర్వాత ఆరింది. వడ్రంగి వచ్చి కొంచెమే చిత్రిక పట్టాడు. ఇప్పుడు పడుతోంది. కింద వేలు పట్టేంత సందు మిగిలింది, పొద్దునపూట హాల్లో వెలుగు దాని కిందనుంచి గీతలా వస్తుంది. నువ్వు నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నప్పుడు ఆ గీత నీ కాళ్ల మీద పడకుండా పాత చీర మడతపెట్టి అడ్డం పెడుతున్నాను. జరీ నల్లబడిన మూడింట్లో ఒకటి.

*

ఇక్కడితో ఉత్తరం అయిపోయింది. ఇంకో అరపేజీ ఉంది కానీ అది మీకోసం కాదు.

ఎల్లుండి ఆయనకి సి షిఫ్టే, సెలవు దొరకలేదు. పొద్దున ఆరున్నరకి వస్తారు. దారిలో మోదుగులు విరగబూసి ఉన్నాయి, ఈసారైనా పూలు తెస్తారేమో చూడాలి, అయినా తునికి పండ్లకి ఇంకా నెల టైం ఉంది. పప్పు రేపు రాత్రే నానబెట్టేస్తాను. అత్తమ్మ పొద్దున పరమాన్నం తను వండుతానంది, "చప్పుడు కాదులే" అని కూడా అంది. ఉత్తరం ఆయన టిఫిన్ బాక్సు సంచిలో, చెంచా పక్కన పెడదామనుకుంటున్నాను. రాత్రి రెండింటికి బాక్సు తెరుస్తారట మిల్లులో. చదివాక ఏమంటారని అడక్కండి. "బాగుంది" అంటారు.

మా ఆడపడుచు మళ్లీ మెసేజ్ పెట్టింది, స్టేటస్ ఏదీ అని. మొహం చెరిగిపోయిన ఆ జీలకర్ర బెల్లం ఫోటో పెడదామనుకుంటున్నాను. ఆయన్ని అడిగి.